వరద మోరిలోకి మనిషిని దించాలంటే: పర్మిట్, గ్యాస్ పరీక్ష, బయటికి లాగే ఏర్పాటు

మహబూబ్‌నగర్ బజారు రోడ్డు కింద ఒక వరద నీటి పైపు మూసుకుపోయిందనుకుందాం. 900 మిల్లీమీటర్ల ఆర్‌సీసీ పైపు, 3 మీటర్ల లోతు ఇటుక మ్యాన్‌హోల్, ఎగువన 30 మీటర్ల దూరంలో ఒక మ్యాన్‌హోల్, దిగువన మరొకటి. జెట్టింగ్ బండితో రెండుసార్లు కొట్టినా నీళ్లు వెనక్కే తంతున్నాయి. సక్షన్ ట్యాంకర్‌తో నీళ్లు తోడి కెమెరా దించితే, మ్యాన్‌హోల్ గోడలో ఒక భాగం కూలి దిగువ పైపు నోట్లో అడ్డంగా పడినట్టు కనిపించింది. ఇటుకలు తీయాలి, గోడ మళ్లీ కట్టాలి. ఈ ఒక్క పనికి పర్మిట్ ఎలా రాయాలో మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

దిగడానికి అసలు వీలుందా

వరద నీటి పైపులో వాన నీళ్లే ఉంటాయన్న నమ్మకంతో చాలామంది జాగ్రత్త తగ్గిస్తారు. మన పట్టణాల్లో సెప్టిక్ ట్యాంకుల పొంగు నీళ్లు, హోటళ్ల జిడ్డు, మెకానిక్ షాపుల నూనె అన్నీ ఆ మోరిలోకే వస్తాయి. మలం కలిసిన నీళ్లు మోసే భూగర్భ పైపును చట్టం మురుగు పైపుగానే చూస్తుంది. అంటే 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ఇక్కడా వర్తిస్తుంది. ఆ చట్టం కింద వచ్చిన నియమాలు రక్షణ సామగ్రితో మనిషి దిగడానికి కొన్ని సందర్భాలనే ఒప్పుకుంటాయి. మ్యాన్‌హోల్‌ను తిరిగి కట్టడం, మురుగు లైనును సరిచేయడం వాటిలో ఉన్నాయి కాబట్టి మన పని వాటి కిందికి వస్తుంది. వట్టి పూడిక తీయడానికైతే రాదు. అది యంత్రంతో ఎందుకు కాదో కారణం రాసి, స్థానిక సంస్థ ముఖ్యాధికారి, అంటే మన దగ్గర కమిషనర్, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. దిగే ముందు నీళ్లు ఖాళీ చేయాల్సిందే.

అందుకే పర్మిట్ మొదటి గడిలో "క్లీనింగ్" అని రాయకూడదు. "మ్యాన్‌హోల్ దిగువ గోడ కూలిన భాగం తీసి కట్టడం, పైపు లోపలికి ఒక మీటరు మించి వెళ్లరాదు" అని రాయాలి. ఈ ఒక్క మీటరు హద్దు ఎందుకో రక్షణ దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

పర్మిట్ మీద ఎవరెవరు

పర్మిట్ ఇచ్చేది ఇంజినీరు, తీసుకునేది పని చేయించే సూపర్‌వైజర్. ఈ రెండు పాత్రలూ ఒకే మనిషివి కాకూడదు. పని తొందర ఉన్నవాడే "పర్వాలేదు" అని సంతకం పెట్టుకునే వీలు అప్పుడే ఉండదు. వీళ్లు కాక గ్యాస్ పరీక్ష చేసేవాడు, లోపలికి దిగేవాడు, మూత దగ్గర కాపలా ఉండేవాడు, వించ్ తిప్పేవాడు, గాలి సిలిండర్ వేసుకుని సిద్ధంగా ఉండే రక్షకుడు ఉండాలి. గ్యాస్ పరీక్షకుడు తన పరీక్ష అయ్యాక వించ్ చూసుకోవచ్చు. కాపలా మనిషికి మాత్రం వేరే ఏ పనీ చెప్పకూడదు. సిమెంటు బస్తా అందించడమైనా సరే. అతను పక్కకు వెళ్లాల్సి వస్తే లోపలివాడు ముందు పైకి రావాలి.

పర్మిట్ గడువు ఒక షిఫ్టు. ఒక దఫాలో 90 నిమిషాలకు మించి లోపల ఉంచవద్దు. అరగంటకు మించి పని ఆగినా, చినుకు పడినా, జనరేటర్ ఆగినా పర్మిట్ ఆ క్షణంలోనే రద్దయినట్టు. మళ్లీ గ్యాస్ పరీక్ష, మళ్లీ సంతకం. రెండు రోజుల పనికి ఒకే కాగితం మీద తేదీ దిద్దడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ కాగితానికి విలువ లేదు.

వాన నీటిని ఆపడం

మురుగు లైనుకు, వరద లైనుకు ఉన్న పెద్ద తేడా ఇదే. మన నెత్తి మీద ఎండ కాస్తుండగానే ఎగువన వాన పడుతుంది. పాలమూరు వైపు రాతి నేల, గుట్టలు, సిమెంటు రోడ్లు కావడంతో నీళ్లు ఇంకవు, పరుగెత్తుతాయి. లెక్క వేసి చూస్తే భయం అర్థమవుతుంది. ఎగువన 20 హెక్టార్ల మీద 15 నిమిషాల్లో 10 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం మోరిలోకి వస్తే 1,000 ఘనమీటర్ల నీళ్లు. అంటే సెకనుకు 1.1 ఘనమీటరు. 300కి 1 వాలున్న 900 పైపు నిండా పారితే మోయగలిగేది సుమారు 1.04. అంటే ఓ మోస్తరు జల్లుకే పైపు నిండిపోతుంది. ఆ వేగం సెకనుకు 1.6 మీటర్లు. అర కిలోమీటరు ఎగువన పైపులో పడ్డ నీళ్లు 5 నిమిషాల్లో మన మనిషి మీదికి వస్తాయి.

కాబట్టి పని ఉదయం పూటే పెట్టుకోవాలి. మధ్యాహ్నం దాటాక ఉరుముల వాన పడే రోజుల్లో, అంటే ఏప్రిల్-మే నెలల్లోనూ, వానాకాలం అంతా, భోజనం తర్వాత దిగకపోవడమే మేలు. వాతావరణ శాఖ స్వల్పకాలిక హెచ్చరిక చూసిన సమయాన్ని పర్మిట్ మీద రాయాలి. దాంతో సరిపెట్టకుండా ఎగువన అర కిలోమీటరు దూరంలో ఫోను పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. అతను చెప్పాల్సింది "నీళ్లొస్తున్నయ్" అని కాదు, "చినుకు పడ్డది" అని. నీళ్లు కనబడేదాకా ఆగితే ఆలస్యమే.

వాన లేనప్పుడు పారే నీళ్లను ఆపడానికి ఎగువ మ్యాన్‌హోల్‌లోకి వచ్చే పైపు నోట్లో గాలి ప్లగ్ పెడతాం. ప్లగ్‌ను మన మ్యాన్‌హోల్ వైపు పైపులో కాకుండా అక్కడ ఎందుకంటే, అలా చేస్తేనే మధ్య 30 మీటర్ల పైపు రెండు వైపులా తెరిచి ఉండి గాలి ఆడుతుంది. ప్లగ్‌ను గెడలతో పైనుంచే కూర్చోబెట్టాలి. దానికోసం మనిషి దిగాల్సి వస్తే ఆ దిగడానికి విడిగా పర్మిట్ కావాలి. ప్లగ్ వెనక చేరే నీళ్లను ఇంకా ఎగువ మ్యాన్‌హోల్ నుంచి పంపుతో తోడి, మన పని దాటించి దిగువన వదలాలి. ప్లగ్ వెనక పైపు మధ్య నుంచి ఒక మీటరు ఎత్తు నీళ్లు నిలిస్తే దాని మీద పడే బరువు 640 కిలోల దాకా ఉంటుంది. ప్లగ్ జారితే అది నీళ్లతో కలిసి గుండులా వస్తుంది. అందుకే ప్లగ్‌ను తాడుతో బయట గట్టి ఆధారానికి కట్టాలి, దాని గాలి ఒత్తిడి మీటరును ఒకరు చూస్తూ ఉండాలి. వాన వస్తుందన్నప్పుడు మాత్రం ప్లగ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, మనిషిని పైకి తీసుకురావాలి.

గ్యాస్ పరీక్ష

పంపు, 6 మీటర్ల గొట్టం ఉన్న నాలుగు గ్యాసుల మీటరు కావాలి. తెర మీద `O2`, `LEL`, `H2S`, `CO` అని నాలుగు అంకెలు వస్తాయి: ఆక్సిజన్, మండే వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్. మీటరును రోడ్డు పక్క శుభ్రమైన గాలిలో, జనరేటర్‌కూ బండి పొగకూ దూరంగా ఆన్ చేసి సున్నా చేయాలి. పొగలో సున్నా చేస్తే మీటరు ఆ పొగనే మంచి గాలి అనుకుంటుంది, లోపల తక్కువ చూపిస్తుంది. తర్వాత పరీక్ష గ్యాసు వదిలి నాలుగు అలారాలూ మోగుతున్నాయో చూడాలి. రోజూ ఇది చేయని మీటరు తెర వెలిగినా సెన్సార్ చచ్చిపోయి ఉండొచ్చు.

మూత పూర్తిగా తెరవక ముందే, దాని కొక్కెం రంధ్రంలోంచి గొట్టం పెట్టి చూడాలి. మూత లేపేటప్పుడు నిప్పురవ్వ లేస్తే మీథేన్ అంటుకోవచ్చు, అందుకే ఈ జాగ్రత్త. మూత తీశాక మూడు ఎత్తుల్లో చూడాలి: పైన, మధ్యలో, అడుగున నీటికి ఒక జానెడు పైన. మీథేన్ గాలికన్నా తేలిక, హైడ్రోజన్ సల్ఫైడ్, పెట్రోలు ఆవిరి బరువు. ఒక్క ఎత్తులో చూస్తే ఏదో ఒకటి తప్పిపోతుంది. గొట్టంలోంచి గాలి రావడానికి అడుగుకు 2 సెకన్ల లెక్కన 40 సెకన్లు, ఆపై సెన్సార్ నిలకడకు మరో నిమిషం పడుతుంది. కాబట్టి ఒక్కో ఎత్తులో 2 నిమిషాలు ఆగాలి. గొట్టం కొన నీటిని తాకితే పంపు నీళ్లు పీల్చి మీటరు పాడవుతుంది, కొన దగ్గర నీటి ఫిల్టర్ తప్పనిసరి. వాసన మీద ఆధారపడొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గరికి వస్తే ముక్కు పనిచేయడం మానేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన పోయిందంటే గ్యాసు తగ్గిందని కాదు, పెరిగిందని అర్థం కావచ్చు.

ఇప్పుడు మన మ్యాన్‌హోల్ అడుగున మీటరు ఇలా చూపిందనుకుందాం: ఆక్సిజన్ 19.8 శాతం, `LEL` 4, హైడ్రోజన్ సల్ఫైడ్ 7 పీపీఎం, కార్బన్ మోనాక్సైడ్ 0. ఏ అలారమూ మోగలేదు, ఎందుకంటే అలారాలు సాధారణంగా ఆక్సిజన్ 19.5, `LEL` 10, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 దగ్గర పెట్టి ఉంటాయి. చాలామంది ఇక్కడే సంతకం పెట్టేస్తారు.

కానీ మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 ఉంటుంది. ఇక్కడ 1.1 తగ్గింది. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే కాబట్టి, వేరే గ్యాసు చొరబడి దాన్ని పక్కకు నెట్టి ఉంటే ఆ గ్యాసు దాదాపు 5 శాతం, అంటే 50,000 పీపీఎం. మీటరు చూపిన మీథేన్ ఎంత? `LEL` అంటే వాయువు అంటుకోవడానికి గాలిలో ఉండాల్సిన కనీస మోతాదు. మీథేన్‌కు అది 5 శాతం, దానిలో 4 శాతం అంటే 0.2 శాతమే. మిగతాది ఎక్కడుంది? బురదలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తినేసి బొగ్గుపులుసు వాయువు వదులుతూ ఉండాలి, లేదా ఆ వాయువే వేరే చోటు నుంచి వచ్చి ఉండాలి. నాలుగు గ్యాసుల మీటరు దాన్ని చూపదు. 40,000 పీపీఎం దాటితే అది ప్రాణానికే ముప్పు. అందుకే పర్మిట్‌లో దిగడానికి కనీస ఆక్సిజన్ 20.5 అని రాసుకోవాలి. 19.5 అలారం హద్దు మాత్రమే, దిగడానికి అనుమతి ఇచ్చే అంకె కాదు. ఆక్సిజన్ తగ్గితే ముందు దాని కారణం అడగాలి. `LEL` సెన్సార్ పనిచేయడానికి కూడా ఆక్సిజన్ కావాలి కాబట్టి, మొదట చూడాల్సిన అంకె ఎప్పుడూ అదే.

గాలి కొట్టడం, కెలకడం

మ్యాన్‌హోల్ వెడల్పు 1.2 మీటర్లు, లోతు 3 మీటర్లు, అంటే 3.4 ఘనమీటర్లు. ఎగువ మ్యాన్‌హోల్ మరో 3.4, మధ్య పైపు 19. కలిపి 26 ఘనమీటర్లు. 1,000 సీఎఫ్‌ఎం బ్లోవర్ నిమిషానికి 28 ఘనమీటర్లు ఇవ్వాలి కానీ గొట్టం, వంపులు పోను 17 అనుకోవాలి. ఒకసారి గాలి మారడానికి నిమిషన్నర, పదిసార్లు మార్చడానికి 15 నిమిషాలు. గొట్టం అడుగు నుంచి అర మీటరు పైదాకా దించాలి, ఎగువ మూత తెరిచి పెట్టాలి. బ్లోవర్ గాలి పీల్చే వైపు జనరేటర్ పొగ రాకూడదు. జనరేటర్‌ను గాలి వీచిపోయే వైపు, వీలైనంత దూరంగా పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ అంకె పెరుగుతూ ఉంటే తప్పు చాలాసార్లు మన జనరేటర్‌దే.

15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్ష. ఈసారి ఆక్సిజన్ 20.9, హైడ్రోజన్ సల్ఫైడ్ 0. ఇదీ చాలదు. పైనుంచి పొడవాటి గెడతో అడుగు బురదను బాగా కెలకాలి, మీటరు గొట్టం ఆ దగ్గరే ఉంచాలి. బురదలో ఇరుక్కున్న హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషి కాలు పెట్టినప్పుడే లేస్తుంది. కెలికితే 38 పీపీఎం వచ్చిందనుకోండి. దింపొద్దు. సక్షన్ ట్యాంకర్‌తో ఆ బురద తీసేసి, నీళ్లు కొట్టి, గాలి ఆడించి, మళ్లీ కెలకాలి. ఈసారి ఎక్కువలో ఎక్కువ 4 వచ్చింది. ఇప్పుడు బ్లోవర్ ఆపి 10 నిమిషాలు ఆగి చూడాలి. ఆక్సిజన్ 20.6 దగ్గర, హైడ్రోజన్ సల్ఫైడ్ 3 దగ్గర నిలిచాయి. అంటే పని మధ్యలో జనరేటర్ ఆగినా మనిషి నిచ్చెన ఎక్కి రావడానికి సమయం ఉంది. ఆపగానే అంకెలు కూలిపోతే ఆ రోజు దిగడం మానుకోవాలి. బ్లోవర్ మళ్లీ వేసి, పనంతసేపూ నడపాలి.

మన కేసులో మరో మూల ఉంది. కూలిన ఇటుకల అవతల దిగువ పైపు మూసిన సీసాలా ఉంది, అక్కడి గాలిని మన బ్లోవర్ కదిలించలేదు. మొదటి ఇటుక తీయగానే ఆ గాలి ఇటు వస్తుంది. కాబట్టి దిగువ మ్యాన్‌హోల్ మూత కూడా తెరిచి అక్కడా పరీక్ష చేసి, గాలి కొట్టాలి. ఇటుకల సందుల్లోంచి గొట్టం దూర్చి చూడాలి. లోపలివాడు నాలుగైదు ఇటుకలు తీసి సందు పడగానే పైకి రావాలి, మళ్లీ పరీక్ష జరగాలి. పర్మిట్‌లో దీనికి ఒక గీత వేసి సమయం, అంకెలు రాయడానికి ఖాళీ ఉంచాలి.

దిగేవాడి ఛాతీ మీద ఇంకో మీటరు ఉంటుంది. అది మోగితే ఎవరినీ అడగకుండా పైకి రావాలి. కాపలా మనిషి కూడా "ఏమైంది అన్నా?" అని ఆరా తీస్తూ కూర్చోకుండా "అన్నా, పైకి రా" అని కేకేసి వించ్ మీద చెయ్యి వేయించాలి.

బయటికి లాగే ఏర్పాటు

ఆక్సిజన్ అందకపోతే మెదడు దెబ్బతినడానికి నాలుగైదు నిమిషాలు చాలు. 101కి, 108కి ఫోన్ చేయాల్సిందే, కానీ వాళ్లు వచ్చేసరికి ఆ సమయం దాటిపోతుంది. అందుకే పర్మిట్‌లో "రక్షణ: 108" అని రాస్తే ఆ గడి ఖాళీగా వదిలినట్టే.

రక్షణ అంటే పైనుంచే, ఎవరూ దిగకుండా లాగడం. మ్యాన్‌హోల్ మీద ట్రైపాడ్, కాళ్లకు గొలుసు, చేతి వించ్. లోపలివాడికి పూర్తి ఒంటి హార్నెస్, వీపు మీద భుజాల మధ్య ఉన్న రింగుకు తాడు. నడుముకు కట్టిన తాడుతో స్పృహ లేని మనిషిని లాగితే అతను మధ్యలో మడిచినట్టయి మూత దగ్గర ఇరుక్కుంటాడు. వీపు రింగుకైతే నిటారుగా వస్తాడు. తాడు ఎప్పుడూ తగిలించి ఉండాలి, పనికి అడ్డమని విప్పకూడదు. ముందుగా 80 కిలోల ఇసుక మూటతో లాగి చూసి, అడుగు నుంచి పైకి ఎంతసేపు పట్టిందో పర్మిట్ మీద రాయాలి. 3 మీటర్లకు రెండు నిమిషాలు దాటితే వించ్ మార్చాలి.

ఒక మీటరు హద్దు ఎందుకన్నది ఇప్పుడు చెప్పొచ్చు. మనిషి పైపులో 10 మీటర్లు లోపలికి పోతే తాడు పైపు అంచు దగ్గర వంగుతుంది. అక్కడ రాపిడితో వించ్ పట్టు పోతుంది, మనిషి బట్టలూ బూట్లూ అడ్డం తగులుతాయి. పైనుంచి లాగడమన్నది కాగితం మీదే ఉంటుంది. అంత లోపల పని ఉంటే రోడ్డు తవ్వి తీయడమే సరైన దారి, ఎంత ఖర్చైనా.

తాడుతో కాకపోతేనే రక్షకుడు దిగాలి, అదీ గాలి సిలిండర్‌తోనే. ముక్కుకు పెట్టుకునే ఫిల్టర్ మాస్కు ఆక్సిజన్ ఇవ్వదు, ఇక్కడ పనికిరాదు. 6 లీటర్ల సిలిండర్ 300 బార్ మీద 1,800 లీటర్లు, నిమిషానికి 40 లెక్కన 45 నిమిషాలు. కష్టపడి లాగుతున్నప్పుడు అంతకన్నా చాలా ముందే అయిపోతుంది. మ్యాన్‌హోల్ మూత రంధ్రం 560 మిల్లీమీటర్లే ఉంటే, వీపున సిలిండర్‌తో మనిషి పట్టకపోవచ్చు. దీన్ని ఆపద సమయంలో కనిపెట్టకూడదు. పని మొదలుకాక ముందే రక్షకుడు సిలిండర్ వేసుకుని రంధ్రంలోంచి భుజాల దాకా దిగి చూడాలి. పట్టకపోతే మూత ఫ్రేము తీసి రంధ్రం వెడల్పు చేయాలి, కాకపోతే ఆ పనికి పర్మిట్ ఇవ్వకూడదు.

లోపలివాడు పడిపోతే కాపలా మనిషికి వచ్చే మొదటి ఆలోచన దూకడం. లోపలున్నది తమ్ముడో బావమరిదో అయితే ఇంకా ఆగరు. ఒకరి వెనక ఒకరు దిగి చనిపోవడం ఇలాగే జరుగుతుంది. అందుకే ఒకే కుటుంబంవాళ్లను ఒకరిని లోపల, ఒకరిని కాపలాకు పెట్టవద్దు. కాపలా మనిషి చేతిలో విజిల్ ఉండాలి, వించ్ దగ్గర మనిషి ఉండాలి. కాపలా మనిషి చేయాల్సింది ఈ వరసే: విజిల్, వించ్, ఫోను. ప్రతి 5 నిమిషాలకు లోపలివాడిని పేరు పెట్టి పిలవాలి. జవాబు రాకపోతే మరోసారి పిలిచి చూడాలి, మూడోసారి పిలవకుండా లాగడం మొదలుపెట్టాలి. బయటికి వచ్చాక ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కడం, సంచి మాస్కుతో గాలి ఇవ్వడం. విషవాయువు పీల్చినవారికి నోట్లో నోరు పెట్టి గాలి ఊదడం సాయం చేసేవారికే ప్రమాదం.

సంతకాలు, ముగింపు

ఇవన్నీ మ్యాన్‌హోల్ దగ్గర కళ్లతో చూశాకే ఇంజినీరు సంతకం పెట్టాలి. ఆఫీసులో పొద్దున్నే సంతకం చేసిన పర్మిట్‌ను గుర్తించడం తేలిక: గ్యాస్ అంకెలు 20.9, 0, 0, 0 అని మూడు ఎత్తుల్లోనూ ఒకే చేతిరాతతో, సమయం లేకుండా ఉంటాయి. కెలికిన తర్వాతి అంకె గడి ఖాళీగా ఉంటుంది.

గోడ కట్టడం అయ్యాక, లోపలివాడు పైకి వచ్చి తన పేరు ఎదుట సమయం రాసి సంతకం పెడతాడు. పనిముట్లు, తట్టలు, గొట్టాలు లెక్క చూడాలి. పైపులో మరిచిపోయిన ఒక తట్ట వచ్చే వానకు మళ్లీ ఇదే అడ్డం అవుతుంది. ట్రైపాడ్ తీసి, మూడు మ్యాన్‌హోళ్ల దగ్గరా మనుషులు పైన ఉన్నారని ఫోనులో ఖాయం చేసుకున్నాకే ప్లగ్ గాలిని మెల్లగా వదలాలి. దిగువ మ్యాన్‌హోల్‌లో నీళ్లు పారడం చూసి, మూతలు వేసి, సూపర్‌వైజర్ పర్మిట్‌ను ఇంజినీరుకు తిరిగి ఇచ్చి రద్దు చేయించుకుంటాడు.